వెబినార్ తర్వాతి మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు పోతోంది?

ప్రశ్న: గోదాముల్లో సరకు నిల్వల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. ‘డిజిటల్ యుగంలో వ్యాపార వృద్ధి’ పేరుతో వెబినార్ పెట్టి, కొన్న జాబితాలోని 3,000 మందికి మా ఆఫీసు మెయిల్ నుంచే ఆహ్వానం పంపాం. 212 మంది నమోదు చేసుకున్నారు, 70 మంది హాజరయ్యారు. మర్నాడు అందరినీ బీసీసీలో పెట్టి కృతజ్ఞతలు, రికార్డింగ్ లింకు, ధరల పట్టిక పంపాం. జవాబిచ్చింది ఒక్కరే. మెయిల్ స్పామ్‌లో పడిందని కొందరు చెప్పారు. ఫాలోఅప్ మెయిల్ ఎలా రాయాలి?

జవాబు: ఈ ఫిర్యాదు వేర్వేరు మాటల్లో వస్తూనే ఉంది. అడిగేది ఎప్పుడూ చివరి మెయిల్ గురించే, దాన్ని చెడగొట్టింది మాత్రం దాదాపు ప్రతిసారీ మొదటి మెయిలే. కొన్న జాబితాలో మూతబడిన చిరునామాలు ఉంటాయి, స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే ఉంచిన ఉచ్చు చిరునామాలు ఉంటాయి, మీ సంస్థ పేరు ఎన్నడూ వినని మనుషులు ఉంటారు. మూతబడినవాటికి పంపిన మెయిళ్లు వెనక్కి తిరిగి వస్తాయి, ఉచ్చులు మీ పేరును నమోదు చేసుకుంటాయి, మనుషులు స్పామ్ బటన్ నొక్కుతారు. ఈ మూడింటి లెక్కా మీ డొమైన్ ఖాతాలోనే పడుతుంది. అందువల్ల ఇష్టపడి నమోదు చేసుకున్న 212 మందికి మర్నాడు పంపిన మెయిల్ కూడా అదే అనుమానంతో తూకం వేయబడింది. మీ పాత ఖాతాదారులకు వెళ్లే బిల్లులు కూడా ఇప్పుడు స్పామ్‌లో పడుతున్నాయేమో ఒకసారి విచారించండి.

హద్దు ఎంత సన్ననిదో తెలిస్తే ఆ జాబితాను మళ్లీ ముట్టుకోరు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ మెయిల్ పంపేవారికి కొత్త నియమాలు అమలు చేస్తున్నాయి. గూగుల్ చెప్పే ప్రకారం స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉండాలి, 0.3 శాతానికి ఎన్నడూ చేరకూడదు. మీ 3,000లో వెయ్యి జీమెయిల్ చిరునామాలు ఉండి, అవన్నీ ఇన్‌బాక్స్‌కే చేరాయనుకుంటే, ముగ్గురు విసుక్కుని బటన్ నొక్కితే చాలు, ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే. ఈ శాతాన్ని గూగుల్ ఉచితంగా ఇచ్చే Postmaster Toolsలో చూడవచ్చు గానీ, పంపే మెయిళ్లు తక్కువైతే అక్కడి పట్టిక ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

రెండో కారణం సాంకేతికమైనది. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లు మూడు. మీ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది, దారిలో ఎవరూ మార్చలేదని డీకిమ్ సంతకం చెబుతుంది, ఈ రెండింటిలో ఏ ఒక్కటీ ‘ఫ్రమ్’ గడిలో కనిపించే డొమైన్‌తో సరిపోకపోతే ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. ఆఫీసు మెయిల్‌కు ఇవి సరిగ్గా ఉన్నా, గుంపు మెయిళ్లు పంపే వేరే సేవను కొత్తగా తగిలించినప్పుడు దానికి డీకిమ్ పెట్టడం మరిచిపోతారు, లేదా ఉన్న ఎస్‌పీఎఫ్ రికార్డులో చేర్చకుండా రెండోది రాస్తారు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి, రెండుంటే తనిఖీ విఫలమవుతుంది. మీ డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డుల్లో, example.com బదులు మీ డొమైన్ పేరు రాసి, డీమార్క్‌ను మొదట గమనించే స్థితిలో ఇలా పెట్టవచ్చు:

```
_dmarc.example.com  TXT  "v=DMARC1; p=none; rua=mailto:dmarc@example.com"
```

మీ పేరుతో ఎవరెవరు మెయిళ్లు పంపుతున్నారో ఆ చిరునామాకు నివేదికలు వస్తాయి. సొంత సేవలన్నీ సరిగ్గా ఉత్తీర్ణమవుతున్నాయని తేలాక p విలువను, తేడా ఉన్న మెయిల్‌ను స్పామ్‌లో వేయమనే quarantineకి, తర్వాత పూర్తిగా తిప్పికొట్టమనే rejectకి మార్చాలి. పరీక్షించడం తేలికే: మీ జీమెయిల్ ఖాతాకు ఒక మెయిల్ పంపుకుని, మెనూలో Show original తెరిస్తే మూడింటి పక్కనా PASS కనిపించాలి.

బీసీసీ సంగతి క్లుప్తంగా చెబుతాను. అందులో ఎవరు చదివారో తెలియదు, వద్దనుకున్నవారికి తప్పుకునే దారి ఉండదు, ఏమరుపాటున అదే జాబితా సీసీ గడిలో పడితే 212 మంది చిరునామాలు 212 మందికీ చేరతాయి. గుంపు మెయిళ్ల సేవనే వాడండి. అందులో ఒక్క నొక్కుతో చందా రద్దయ్యే సౌకర్యాన్ని తప్పక తెరిచి ఉంచండి. తప్పుకునే దారి కనిపించనివాడు స్పామ్ బటన్‌నే నొక్కుతాడు.

ఇక జాబితా ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు అసలు సమాధానం వెబినార్ అంశంలో ఉంది. ‘డిజిటల్ యుగంలో వ్యాపార వృద్ధి’ అంటే ఎవరైనా రావచ్చు. అందుకే మీ సాఫ్ట్‌వేర్ అవసరం లేనివారూ వచ్చారు. దానికి బదులు ‘పుస్తకంలోని నిల్వకూ గోదాములోని నిల్వకూ తేడా వస్తే ఎక్కడ వెతకాలి’ అని పెట్టి ఉంటే నమోదులు 212కు బదులు 60 మాత్రమే వచ్చేవేమో గానీ, ఆ 60 మందికీ గోదాము ఉండేది, తేడా కూడా ఉండేది. ఇలాంటి అంశాల కోసం మీ సహాయ విభాగానికి వచ్చే ఫోన్లను వింటే చాలు. ప్రచారం కూడా అప్పుడు మారిపోతుంది: పాత ఖాతాదారులకు, ధర అడిగి ఆగిపోయినవారికి, ఆ రంగంలో మీతో కలిసి పనిచేసే లెక్కల నిపుణుల ద్వారా వారి వారి ఖాతాదారులకు ఆహ్వానం వెళుతుంది. ఆ నిపుణులు జాబితాను మీ చేతికి ఇవ్వకూడదు, తమ పేరుతో తామే పంపాలి.

నమోదు ఫారంలో పేరు, మెయిల్, ఒకే ఒక్క ప్రశ్న చాలు. నేనైతే ‘నిల్వను చివరిసారి ఎప్పుడు లెక్కించారు, ఎంత తేడా వచ్చింది?’ అని అడుగుతాను. ఆ జవాబు ఒక్కటే తర్వాత ఎవరికి ఏం రాయాలో చెబుతుంది. ఫోన్ నంబరు, హోదా, ఉద్యోగుల సంఖ్య, బడ్జెట్ అంటూ పది గడులు పెడితే కొందరు పారిపోతారు, మిగిలినవారు అబద్ధాలు నింపుతారు. మీ తదుపరి మెయిళ్లు కావాలో వద్దో అడిగే గడిని ముందే టిక్ పెట్టి ఉంచకండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే విషయం ఇక్కడే మొదలవుతుంది. వెబినార్ ముగియగానే నమోదుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దింపుకుని, ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టి, ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న అనుమతితో అమ్మకాల బృందానికి పంపడం చాలా సంస్థల్లో అలవాటు. ఆ ఫైలులో మనుషుల పేర్లు, వారి మెయిళ్లు, పైగా తమ వ్యాపారంలోని లోపం గురించి వారే స్వయంగా రాసుకున్న మాటలు ఉంటాయి. అది పరాయి చేతిలో పడితే ఏం జరుగుతుందో చూడండి. ‘నిన్నటి వెబినార్ రికార్డింగ్ ఇక్కడ ఉంది, చూడటానికి మీ ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవండి’ అని ఒక నకిలీ మెయిల్ వెళుతుంది. మామూలు మోసపు మెయిల్‌ను అనుమానించేవాడు దీన్ని అనుమానించడు, ఎందుకంటే సరిగ్గా అలాంటి మెయిల్ కోసమే అతను ఎదురుచూస్తున్నాడు. మీ డీమార్క్ p=none దగ్గరే ఆగిపోతే ఆ మెయిల్ మీ చిరునామాతోనే వెళ్లి ఇన్‌బాక్స్‌లో కూర్చునే వీలుంది. reject పెట్టినా, మీ పేరును పోలిన వేరే డొమైన్ నుంచి వచ్చేదాన్ని అది ఆపలేదు.

కాబట్టి వెబినార్ చివరి నిమిషంలో, జనం ఇంకా ఉండగానే, రికార్డింగ్ ఏ చిరునామా నుంచి వస్తుందో తెరపై చూపించి, దానికి పాస్‌వర్డ్ అడగబోమని నోటితో చెప్పండి. ఆ మాట నిలబెట్టుకునేలా రికార్డింగ్‌ను మీ సొంత డొమైన్‌లోని పేజీలో, లాగిన్ లేకుండా ఉంచండి. కుదించిన లింకులు, అటాచ్‌మెంట్లు వాడకండి. ప్రేక్షకుల ప్రశ్నలు, పేర్లు కనిపించే భాగాలను ఆ రికార్డింగ్ నుంచి తీసేయండి. జాబితాను ఖాతాదారుల వివరాలుండే మీ వ్యవస్థలోకి ఒకసారి ఎక్కించాక, ఫైలును డ్రైవ్ నుంచీ, దింపుకున్న కంప్యూటర్ నుంచీ తొలగించండి.

చేరే లింకు విషయంలోనూ జాగ్రత్త అవసరం. నమోదైన ప్రతి ఒక్కరికీ వేరే లింకు ఇచ్చే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. దాన్ని వదిలి ఒకే లింకును అందరికీ పంచితే, హాజరు పట్టికలో ఫోన్ మోడల్ పేర్లు, ‘అతిథి’ అన్న మాటలే మిగులుతాయి. అప్పుడు వచ్చినవారెవరో, రానివారెవరో నమోదు జాబితాతో జోడించడం అసాధ్యం. ఇంత ముఖ్యమైన అమరికను ఈ తరహా సాఫ్ట్‌వేర్లు మూడు మెనూల లోపల దాచి, ప్రతి అప్‌డేట్‌లోనూ చోటు మారుస్తుంటాయి. అందరికీ ఒకే కృతజ్ఞతల మెయిల్ పంపే అమరిక మాత్రం ముందే టిక్ పెట్టి ఎదురుగా ఉంటుంది! ప్రేక్షకుల ‘ఆసక్తి స్కోరు’ అని చూపే అంకెను కూడా నేను నమ్మను. మెయిల్ తెరిచినట్టు, లింకు నొక్కినట్టు వచ్చే లెక్కల్లో కొంత భాగం మనుషులది కాదు. తెరిచినట్టు లెక్కించడానికి ఆధారమైన బొమ్మలను కొన్ని మెయిల్ యాప్‌లు ముందే తెచ్చి పెట్టుకుంటాయి, సంస్థల భద్రతా వడపోతలు లింకులను తామే తెరిచి పరీక్షిస్తాయి. మెయిల్ చేరిన కొన్ని క్షణాల్లోనే అందులోని అన్ని లింకులూ నొక్కినట్టు కనిపిస్తే అది యంత్రం పనే.

నమ్మదగినవి మనుషులు చేసినవే: అడిగిన ప్రశ్న, ఫారంలో రాసిన జవాబు, చివరిదాకా ఉండటం. ఉదాహరణకు మీ 70 మందిలో తొమ్మిది మంది ప్రశ్నలు అడిగారనుకుందాం. వారికి అదే రోజు, ఒక మనిషి తన పేరుతో, ఒక్కొక్కరికి విడిగా రాయాలి: ‘రెండు గోదాముల మధ్య బదిలీలో సరకు రెండుసార్లు లెక్కలోకి వస్తోందని అడిగారు. రికార్డింగ్‌లో 31వ నిమిషం దగ్గర చూపిన పట్టికలో మీ రెండు తేదీలను పోల్చి చూడండి. తేడా అక్కడ దొరక్కపోతే బుధవారం పావుగంట కలిసి చూద్దాం.’ ఇందులో ధరల పట్టిక ఉండదు, అడిగితేనే పంపాలి. హాజరై ఏమీ అడగని 61 మందికి మర్నాడు రికార్డింగ్, ఫారంలో వారు రాసిన తేడాకు సంబంధించిన ఒక చిన్న సూచన, ‘మీ దగ్గర ఇది ఎలా ఉంది?’ అన్న ఒక ప్రశ్న చాలు. రాని 142 మందికి ‘మిస్సయ్యారు’ అని నిందించే వాక్యం వద్దు. పూర్తి రికార్డింగ్ చూసే తీరిక వారికి ఉండదు కనుక అందులోని ముఖ్యమైన ఆరేడు నిమిషాల ముక్క పంపండి. నాలుగైదు రోజుల తర్వాత ఇంకొక్క మెయిల్, ఆపై జవాబు లేనివారిని వదిలేయండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని వేరు. కొన్న జాబితాను చెరిపేయండి, దానికి రెండో ఆహ్వానం పంపవద్దు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సరిచేసుకుని, తొలి వారం ప్రశ్నలు అడిగినవారికి, ఆ జవాబిచ్చిన ఒక్కరికి మాత్రమే రాయండి. వారి జవాబులు వస్తున్నకొద్దీ మీ డొమైన్‌పై అనుమానం సడలుతుంది. హాజరైన మిగతావారికి రెండో వారంలో, రానివారికి ఆ తర్వాత, రోజుకు కొద్దిమంది చొప్పున పంపుతూ, వెనక్కి వచ్చిన ప్రతి చిరునామాను అదే రోజు జాబితా నుంచి తీసేయండి.