‘చాచాడు’లో రెండు ‘చా’లు

ప్రశ్న: నమస్కారమండీ. మేం బెంగళూరులో ఉంటాం. మా అమ్మాయి కాలేజీలో లింగ్విస్టిక్స్ తీసుకుంది. క్లాసులో తెలుగు మాటల్ని ఐపీఏ గుర్తుల్లో, అంటే ఏ భాష ధ్వనినైనా రాయడానికి వాడే అంతర్జాతీయ గుర్తుల్లో ఇచ్చి చదవమన్నారట. అందులో ‘చాచాడు’ అనే మాటను [tsaːtʃæːɖu] అని రాశారు. ఉన్నవి రెండూ ‘చా’లే కదా, ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు రాశారు? లైబ్రరీ పుస్తకంలో ఇదే మాట cācāḍu అని ఉంది. ఏది సరైనది?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రెండూ సరైనవేనమ్మా. అవి చేసే పని వేరు. పుస్తకంలో ఉన్నది మన అక్షరాన్ని చూసి రాసింది. చ ఉన్నచోట c, దీర్ఘం ఉన్నచోట పైన అడ్డగీత, డ ఉన్నచోట కింద చుక్క. దాన్ని చూసి మళ్లీ తెలుగు లిపిలో పొల్లుపోకుండా రాసుకోవచ్చు. క్లాసులో ఇచ్చింది మనిషి నోటిని విని రాసింది. అక్కడ మన వర్ణక్రమంతో పని లేదు, చెవికి ఏం వినిపించిందన్నదే లెక్క.

ఏ పద్ధతిలో రాశారో గుర్తుపట్టడం సులువే. పైన గీతలు, కింద చుక్కలు ఉంటే అది లిప్యంతరీకరణ. ɖ, ʈ, ɳ లాంటి తోక అక్షరాలు, దీర్ఘానికి ː గుర్తు ఉంటే అది ఐపీఏ. (ఆ గుర్తులో ఉన్నవి చుక్కలు కావు, చిన్న త్రికోణాలు.) ఒకదాని అలవాటుతో రెండోదాన్ని చదివితే తప్పు వస్తుంది. ఐపీఏలోనూ c అనే గుర్తుంది, కాని అది మన చ కాదు. నాలుక నడిమి భాగాన్ని అంగిలికి ఆనించి పలికే వేరే ధ్వని.

ఇక మీ అమ్మాయి మాటను ఒక్కో గుర్తూ చదువుదాం. మొదటిది ts. త్, స్ అని విడివిడిగా పలకకూడదు. రెండూ కలిసి ఒకే ధ్వని. కొన్ని పుస్తకాల్లో ఆ కలయిక తెలిసేలా t͡s అని పైన చిన్న విల్లు గీస్తారు. నాలుక కొన పైపళ్ల వెనక ఆని, వదిలేటప్పుడు స్‌లా బుస వినిపిస్తుంది. చదువు, చలి, చాప, చుక్క అనే మాటల మొదట మనలో చాలామంది పలికేది ఇదే. మన వ్యాకరణాలు దీన్ని దంత్య చకారం అన్నాయి. పాత పుస్తకాల్లో చ మీద చిన్న ౨ పెట్టి ౘ అని అచ్చువేసేవారు. ఇప్పటి అచ్చులో ఆ అక్షరం కనిపించడం అరుదు కాబట్టి, తేడా నోటిలో ఉన్నా కంటికి అందడం లేదు.

రెండో చోట ఉన్నది tʃ. ఆ పొడుగాటి ʃ గుర్తు ‘షాపు’ మొదట వినిపించే ధ్వని. ఇక్కడ నాలుక కొంత వెనక్కి జరిగి, దాని ఒళ్లు అంగిలి వైపు లేస్తుంది. చీమ, చెట్టు, చేప అన్నప్పుడు వచ్చేది ఇదే, తాలవ్య చకారం. తేడా తెలియాలంటే ‘చాప’ మొదలుపెట్టి, ఆ చకారం దగ్గరే ఆగి గాలిని సాగదీయమనండి. స్‌స్‌స్ అని వస్తే ts. ‘చీమ’తో కూడా అలాగే చేస్తే ష్‌ష్‌ష్ అని వస్తుంది. రెండు మాటల్లోనూ ష్‌ష్ అనే వస్తే, ఆమె నోట ఉన్నది ఒక్క tʃ మాత్రమేనని అర్థం. బెంగళూరులో ఇది సహజం. ప్రామాణిక కన్నడంలో చకారం tʃ ఒక్కటే. కన్నడం చదువుకుంటూ పెరిగిన పిల్లలు తెలుగు మాటను కూడా అదే చకారంతో అంటారు.

అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ముందు తాలవ్యం, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ ముందు దంత్యం అని సూత్రం. చంద్రుడు, చరిత్ర లాంటి సంస్కృత పదాలకు, చాక్లెట్ లాంటి ఇంగ్లీషు మాటలకు ఇది వర్తించదు, అక్కడ tʃ నే. మరి ‘చాచాడు’ తెలుగు మాటే, రెండుచోట్లా ఆకారమే ఉంది. అలాంటప్పుడు రెండోది కూడా ts కావాలి కదా? మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

జవాబు తర్వాతి గుర్తులో ఉంది. మొదటి చకారం పక్కన aː ఉంది, అంటే మామూలు ఆ. రెండోదాని పక్కన æː ఉంది. a, e ఒకదానికొకటి అతుక్కున్న ఈ గుర్తు ‘బ్యాంకు’లో మనం పలికే అచ్చుకు పెట్టింది. మెల్లగా ‘చాచాడు’ అని, వెంటనే ‘చాస్తాడు’ అని అనమనండి. ‘చాస్తాడు’లో స్తా దగ్గర నోరు బాగా తెరుచుకుంటుంది. ‘చాచాడు’లో రెండో చా దగ్గర పెదవులు కాస్త పక్కలకు సాగి, నాలుక ముందుకు వస్తుంది. మన లిపిలో ఈ అచ్చుకు వేరే అక్షరం లేదు కాబట్టి ఆకారంతోనే రాస్తున్నాం.

ఆ అచ్చు ఎక్కడిదంటే, మాట పూర్వరూపం ‘చాచినాడు’. దానిలో ‘చి’ ఉంది, అందులో ఇకారం ఉంది కాబట్టి అక్కడ చకారం తాలవ్యమే. మాట కుదించుకుపోయి నకారం పోయినప్పుడు, ఇకారం కూడా పోయింది కాని దాని ప్రభావం పోలేదు. పక్కన ఉన్న ఆకారాన్ని తన వైపు లాక్కుని æː చేసింది. చకారాన్ని తాలవ్యంగానే ఉంచింది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి మీ ఊళ్లో స్థిరపడినవాళ్లు ‘చాచినాడు’ అంటే వినండి. అది [tsaːtʃinaːɖu] అవుతుంది. ‘నా’ అనే అక్షరం దగ్గర మళ్లీ మామూలు aː వచ్చేసింది చూడండి. తెలంగాణ మాట ‘చాచిండు’ [tsaːtʃiɳɖu]. అక్కడ ఆ అచ్చే లేదు. మూడింటిలోనూ మొదటి చకారం ts, రెండోది tʃ.

మిగిలినవి తేలికే. ɖ అంటే తోక ఉన్న d, మన డ. తోక ఉంటే నాలుక కొన పైకి మడిచి పలికే ధ్వని అని గుర్తు, ʈ అంటే ట, ɳ అంటే ణ. మన త రాయాలంటే t కింద చిన్న వంతెన గుర్తు పెట్టి t̪ అంటారు. స్థూలంగా రాసేచోట ఆ వంతెన వదిలేస్తారు. ఒక్క j దగ్గర మాత్రం జాగ్రత్త. ఐపీఏలో అది జ కాదు, య. ‘రాయి’ని [ɾaːji] అని రాస్తారు. జకారానికి చకారంలాగే రెండు గుర్తులు, ‘జడ’కు dz, ‘జీతం’కు dʒ.

ఇంట్లో మీ అమ్మాయి ‘చాచాడు’ని రెండుచోట్లా tʃ తో పలుకుతుంటే, క్లాసు కాగితంలోని మాటను తన ఉచ్చారణకు తగ్గట్టు దిద్దకూడదు. కాగితంలో ఉన్నది అలా పలికే ఒక మనిషి మాట, దాన్ని ఉన్నదున్నట్టు చదవాలి. అదే తన మాటను తాను రాసే అభ్యాసమైతే [tʃaːtʃæːɖu] అని నిస్సంకోచంగా రాసి, మాట్లాడినవారు బెంగళూరు తెలుగువారు అని పక్కన రాసిపెట్టమనండి. ఆ వివరం లేకపోతే, చదివే టీచరుకు ఆ మొదటి గుర్తు పొరపాటులా కనిపిస్తుంది.