గుంజీలు రోజూ తీస్తున్నా తొడ వెనక కండరం ఎందుకు పట్టేస్తోంది?

ప్రశ్న: నా వయసు 23. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టు కోసం రోజూ గ్రౌండ్‌కి వెళ్తున్నాను. మూడు వారాల కిందట 100 మీటర్లు పరిగెడుతుంటే కుడి తొడ వెనక చురుక్కుమంది. నడవడానికి ఇబ్బంది లేదు గానీ స్పీడు పెంచితే అక్కడే లాగుతోంది. రోజూ 200 గుంజీలు తీస్తాను, తొడ ముందు కండరం, వెనక కండరం రెండూ అందులో పనిచేస్తాయంటారు. ఒకటి మోకాలు చాపేది, ఒకటి ముడిచేది కదా, రెండూ ఒకేసారి బిగిస్తే కాలు ఇరుక్కుపోవాలి కదండీ? నా నొప్పికి ఏం చెయ్యాలి?

జవాబు: ఆ రెండు కండరాలూ మోకాలికి మాత్రమే చెందినవి కావు, తుంటికి కూడా చెందినవి. మీ సందేహానికీ, మీ నొప్పికీ మూలం అక్కడే ఉంది.

తొడ ముందున్న రెక్టస్ ఫిమోరిస్ కటి ఎముక ముందు భాగంలో మొదలై, మోకాలి చిప్ప మీదుగా కిందికి వెళ్లి కాలి ఎముకకు అంటుకుంటుంది. అది బిగిస్తే తుంటి ముడుచుకుంటుంది, మోకాలు చాచుకుంటుంది. వెనకనున్న హ్యామ్‌స్ట్రింగ్స్ మనం కూర్చున్నప్పుడు కిందికి ఆనే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కిందికి దిగుతాయి. అవి బిగిస్తే తుంటి చాచుకుంటుంది, మోకాలు ముడుచుకుంటుంది. కండరానికి ‘ఈ కీలు దగ్గర లాగు, ఆ కీలు దగ్గర ఊరుకో’ అనే వీలు లేదు. బిగిస్తే రెండు చివరలనూ ఒకే బలంతో లాగుతుంది.

అలాంటప్పుడు గుంజీ నుంచి పైకి ఎలా లేస్తున్నారు? కీలును తిప్పే శక్తి కండరం బలం ఒక్కదాని మీదే ఆధారపడదు. కీలు మధ్య బిందువు నుంచి ఆ కండరం ఎంత ఎడంగా వెళ్తోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ ఎడం మనిషిని బట్టీ, కీలు మడత కోణాన్ని బట్టీ మారుతుంది కాబట్టి గుండ్రం అంకెలు తీసుకుందాం. తుంటి దగ్గర హ్యామ్‌స్ట్రింగ్స్‌కి 6 సెంటీమీటర్లు, రెక్టస్‌కి 4 అనుకోండి. మోకాలి దగ్గర రెక్టస్‌కి 4, హ్యామ్‌స్ట్రింగ్స్‌కి 3 అనుకోండి. రెండూ చెరో 50 కిలోల బలంతో లాగాయి. బలాన్ని ఎడంతో గుణిస్తే తుంటి దగ్గర చాచే వైపు 300, ముడిచే వైపు 200, అంటే 100 చాచే వైపు మిగిలింది. మోకాలి దగ్గర చాచే వైపు 200, ముడిచే వైపు 150, ఇక్కడా 50 చాచే వైపే మిగిలింది. ఎదురెదురుగా లాగుతున్నా తుంటి, మోకాలు రెండూ చాచుకుంటాయి, మీరు లేచి నిలబడతారు. దీన్ని లోంబార్డ్ పారడాక్స్ అంటారు. బాగా కిందికి కూర్చున్నప్పుడు ఈ మిగులు తగ్గిపోతుంది. అక్కడ ప్రధాన భారం మోకాలిని మాత్రమే చాచే వాస్టస్ కండరాలూ, తుంటిని చాచే పిరుదు కండరమూ మోస్తాయి.

ఇక మీ గుంజీల సంగతి. లేచేటప్పుడు హ్యామ్‌స్ట్రింగ్స్ తుంటి వైపు కురచవుతాయి, అదే సమయంలో మోకాలి వైపు సాగుతాయి. నూతి గిలక మీద తాడు ఒక పక్క దిగితే మరో పక్క లేచినట్టు, మొత్తం పొడవు దాదాపు అంతే ఉంటుంది. కిందికి దిగేటప్పుడూ ఇంతే. కండరం పెద్దగా కురచ కాకుండా బిగించగలగడం శరీరానికి లాభమే, తక్కువ ఖర్చుతో బలం వస్తుంది. కానీ దీనివల్లే 200 గుంజీలు తీసినా హ్యామ్‌స్ట్రింగ్స్‌కి సాగిన స్థితిలో బలం చూపించే అలవాటు రాదు. తొడ ముందు భాగం, పిరుదులు గట్టిపడతాయి, వెనక భాగం వెనకబడిపోతుంది.

100 మీటర్ల పరుగులో అవసరమయ్యేది సరిగ్గా ఆ అలవాటే. పాదం నేలను తాకడానికి కాస్త ముందు తొడ ముందుకు లేచి ఉంటుంది, మోకాలి కింది భాగం ముందుకు విసురుగా చాచుకుంటూ ఉంటుంది. హ్యామ్‌స్ట్రింగ్స్ తుంటి దగ్గరా సాగాయి, మోకాలి దగ్గరా సాగుతున్నాయి, ఆ స్థితిలోనే కాలి విసురుకు బ్రేకు వెయ్యాలి. చిరుగు పడేది ఎక్కువగా ఈ క్షణంలోనే, అదీ ఎక్కువగా బయటి వైపునున్న బైసెప్స్ ఫిమోరిస్ పొడవైన పాయలో. మెల్లగా పరిగెత్తితే కాలు అంత ముందుకు రాదు, అంత విసురూ ఉండదు, అందుకే మీకు స్పీడులోనే లాగుతోంది.

ఒకసారి ఇలా చూసుకోండి. వెల్లకిలా పడుకుని, మోకాలు ముడవకుండా ముందు ఎడమ కాలు, తరవాత కుడి కాలు మెల్లగా పైకి ఎత్తండి. కుడి కాలు ముందే ఆగిపోయి, మీరు చెప్పిన చోటే లాగితే కండరం ఇంకా మానలేదని అర్థం. నొప్పి మోకాలు దాటి పిక్కకో పాదానికో పాకినా, తిమ్మిరి వచ్చినా, దగ్గితే పెరిగినా సమస్య నడుము నరంలో ఉండొచ్చు. అప్పుడు కింది వ్యాయామాలు మీకు కావు, ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

కండరం నొప్పే అయితే ఈ వారం ఫుల్ స్పీడు పరుగు ఆపండి. వెల్లకిలా పడుకుని, కుడి తొడను రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలపండి. తొడ కదలకుండా మోకాలు మెల్లగా చాచి, నొప్పి మొదలయ్యే ముందే ఆపి, మళ్లీ ముడవండి. 12 సార్లు చొప్పున మూడు విడతలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

ఇది నొప్పి లేకుండా చేయగలిగాక బరువు కలపండి. రెండు చేతుల్లో 5 కిలోల బియ్యం సంచి పట్టుకుని నిలబడి, మోకాళ్లు కొద్దిగా మడిచి అలాగే ఉంచండి. నడుము వంగిపోకుండా పిరుదులు వెనక్కి నెడుతూ, తొడ వెనక బిగుతు తెలిసేదాకా ముందుకు వాలి, మళ్లీ లేవండి. ఎనిమిదేసి సార్లు మూడు విడతలు, రోజు విడిచి రోజు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు వాలుతున్నకొద్దీ మోకాళ్లు ఇంకా మడవడం. అలా చేస్తే అది మళ్లీ గుంజీయే అవుతుంది, కండరం సాగదు.

తరవాతది నార్డిక్. మెత్తటి చోట మోకాళ్ల మీద నిలబడండి, స్నేహితుడు మడమల దగ్గర గట్టిగా అదిమి పట్టుకోవాలి. తుంటి దగ్గర వంగకుండా, మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలో ఉంచి వీలైనంత మెల్లగా ముందుకు వాలండి. ఆపలేని చోట చేతులు ఆనించి, చేతులతోనే నెట్టుకుని వెనక్కి రండి. మొదటి వారం ఒక్క రోజే, ఐదేసి సార్లు రెండు విడతలు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి సార్లు. మూడో వారం నుంచి మూడు రోజులు, మూడు విడతలు. మొదట్లో కండరాలు బాగా నొప్పులు పెడతాయి కాబట్టి తొందరపడి పెంచకండి. గుంజీలు నొప్పి లేకపోతే కొనసాగించవచ్చు, 200 మాత్రం అక్కర్లేదు.

కాలు ఎత్తే పరీక్షలో రెండు కాళ్లూ సమానంగా లేచి, నొక్కితే నొప్పి లేనప్పుడు పరుగు పెంచండి. ముందు సగం స్పీడుతో, రెండు మూడు రోజులు బాగుంటే ముప్పాతికతో, ఆ తరవాతే పూర్తి స్పీడుతో.

చురుక్కుమన్న రోజు ‘టప్’మని శబ్దం వచ్చి ఉన్నా, తొడ వెనక నల్లగా కమిలినా, కూర్చుంటే ఎముక దగ్గర పొడిచినట్టున్నా వ్యాయామం మొదలుపెట్టకుండా విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ, శ్రీకాకుళం రిమ్స్‌లోగానీ ఎముకల డాక్టరుకి చూపించుకోండి. కండరం ఎముక దగ్గర ఊడి ఉంటే స్కానింగ్‌లో తెలుస్తుంది, దాని వైద్యం వేరు. టెస్టు తేదీ వచ్చాక, దానికి ముందు వారం నార్డిక్ పూర్తిగా మానేయండి. ఆ నొప్పులతో 100 మీటర్లకి దిగకూడదు.