షావుకారు గారి చీరల వీడియోకి స్క్రిప్టు రాస్తున్న తమ్ముడికి

బరంపురం

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. "మనసు దోచే రంగులు, కళ్ళు చెదిరే డిజైన్లు" అని మొదలుపెట్టావు. చీర కట్టుకునే ఆవిడకి రాసినట్టుంది. మీ షావుకారు గారు హోల్‌సేల్. ఆయన వీడియో చూడాల్సింది పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, ఇటు ఇచ్ఛాపురంలోనో చిన్న బట్టల షాపు పెట్టుకున్న మనిషి. మధ్యాహ్నం బేరం పల్చబడ్డాక గల్లా దగ్గర కూర్చుని ఫోన్ తీస్తాడు. రంగులు బాగున్నాయో లేదో చూసి చెప్పడం అతనికి రోజూ ఉన్న పనే. అతను నీ దగ్గర తెలుసుకోవాలనుకునేవి మూడే: సెట్టులో ఏముంది, కనీసం ఎంత తీసుకోవాలి, సరుకు ఎప్పుడు బయల్దేరుతుంది. ఈ మూడూ ఒక్క నిమిషంలో తేలాలి.

ముందు కేటలాగ్ సంగతి. సూరత్ కంపెనీ పంపిన ఫోటోలనే వీడియోలో వరసగా వేద్దామని రాశావు. ఆ మోడల్ ఫోటోలు అదే సరుకు అమ్మే ప్రతి హోల్‌సేలర్ దగ్గరా ఉంటాయి. షాపువాడి ఫోన్‌లోకి ఈపాటికే నాలుగు వైపుల నుంచి వచ్చి ఉంటాయి. పైగా వాటిని ఎడిట్ చేసి రంగు పెంచుతారని అతనికి తెలుసు. అతను చూడాలనుకునేది మీ గోడౌన్‌లో ఉన్న అసలు పీసు. కట్ట విప్పి, ఒక్కొక్క చీరా బల్ల మీద పరిచి, పక్కన డిజైన్ నంబరు చీటీ పెట్టి తీయమని స్క్రిప్టులోనే రాయి. ట్యూబ్‌లైటు కింద వద్దు, తలుపు దగ్గర పగటి వెలుతురులో తీయించు. ఫోన్ కెమెరా రంగుని దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి మెరూన్ కాస్తా ఎరుపైపోతుంది. పార్సిల్ విప్పాక "వీడియోలో ఈ రంగు కాదే" అని ఫోన్ వచ్చేది అక్కడే.

ఒక్కో డిజైనూ రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. దీనికి కారణం అందం కాదు. షాపువాడు స్క్రీన్‌షాట్ తీసి, "ఇది రెండు సెట్లు" అని వాట్సాప్‌లో పెడతాడు. మన వ్యాపారంలో ఆర్డరు ఫారం అంటే ఆ స్క్రీన్‌షాటే. కెమెరా ఊగుతుంటే నంబరు చెదిరిపోతుంది, వేరే సరుకు వెళ్తుంది. నంబరు పెద్దక్షరాలతో తెర మధ్యకి దగ్గరగా వేయించు. కింది భాగంలో రీల్స్ కాప్షన్, కుడి పక్కన బటన్లు కప్పేస్తాయి.

ఎనిమిది డిజైన్ల సెట్టయితే ఎనిమిదీ చూపించు. ఇక్కడ షావుకారు గారు నీతో వాదిస్తారు, "ఆ ఆకుపచ్చది, ఆ బూడిద రంగుది ఎందుకు, బాగున్న అయిదు చాలు" అంటారు. ఒప్పుకోకు. సెట్టు కొనేవాడికి ఉండే అసలు భయం ఆ రెండు పీసుల మీదే. మిగతా ఆరూ పండక్కి ముందే అమ్ముడుపోతాయి, ఆ రెండూ అల్మారాలో డెడ్ స్టాకై ఉండిపోతాయి, లాభం అందులోనే కలిసిపోతుంది. వాటిని దాచావని తెలిస్తే తర్వాతి వీడియో తెరవడు. చూపిస్తే అతనే లెక్క వేసుకుంటాడు.

కనీస ఆర్డరు దగ్గర నువ్వు "తక్కువ పెట్టుబడితోనే" అని రాసి వదిలేశావు. ఎంత తక్కువ? ఆయన్ని అడిగి కాగితం మీద లెక్క కట్టు. ఉదాహరణకి పీసు 320 అనుకుందాం. ఎనిమిది పీసుల సెట్టు 2,560. కనీసం నాలుగు సెట్లంటే 32 చీరలు, 10,240. చీరల మీద జీఎస్టీ 5 శాతం, అంటే ఇంకో 512. మొత్తం 10,752. ట్రాన్స్‌పోర్టు ఖర్చు 'టు పే' అయితే అది షాపువాడు పార్సిల్ విడిపించుకునేటప్పుడు కడతాడు, ఈ లెక్కలోకి రాదు. ఇంత లెక్క వీడియోలో చెప్పక్కర్లేదు. కానీ నీకు తెలిసి ఉంటే స్క్రిప్టులో ఏ మాట తప్పకుండా ఉండాలో తెలుస్తుంది. ఆ మాట ఏమిటంటే: నాలుగు సెట్లూ ఒకే కేటలాగ్‌వి కావాలా, వేరువేరు కేటలాగ్‌లు కలుపుకోవచ్చా?

గుణుపురం లాంటి చోట చిన్న షాపువాడికి ఒకే డిజైన్ నాలుగేసి పీసులు భారం. ఒక వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే చీర కట్టుకుని కనబడితే మూడో ఆవిడ కొనదు. అదే నాలుగు కేటలాగ్‌ల నుంచి సెట్టు చొప్పున కలుపుకోవచ్చంటే, అదే పదివేలకి 32 రకాలు వస్తాయి. షావుకారు గారు ఎలాగూ కలిపి ఇస్తూనే ఉంటారు, చాలామంది ఇస్తారు. కానీ ఆ సంగతి వీడియోలో చెప్పరు, అడిగినవాడికే చెబుతారు. అడగనివాడు "నా వల్ల కాదు" అనుకుని వీడియో పైకి తోసేస్తాడు. సెట్టు విడదీయకపోతే అది కూడా నిర్మొహమాటంగా చెప్పు. లేకపోతే "ఒక్క చీర ఇస్తారా అండీ" అనే మెసేజ్‌లతో ఫోన్ నిండిపోతుంది.

రేటు సంగతి వేరే. బయట అందరూ చూసే వీడియోలో 320 అని వేయించకు. షాపువాడు ఆ చీర 450కో 480కో అమ్ముకుంటాడు. వాళ్ళ ఊరి ఆవిడ ఆ వీడియో చూసి షాపుకొచ్చి ఫోన్ చూపిస్తే అతని పరువు ఏం కావాలి? అలాంటి గొడవ ఒకటి జరిగితే ఆ షాపు మీ ఖాతాలోంచి పోయినట్టే. రేటు వేస్తే ఎక్కువమంది చూస్తారని షావుకారు గారు అంటారు, చూస్తారు కూడా, కానీ ఆ ఎక్కువమంది ఆయన సరుకు కొనేవాళ్ళు కారు. షాపు పేరు, జీఎస్టీ నంబరు పంపినవాళ్ళకి రేటు లిస్టు వాట్సాప్‌లో వస్తుందని చెప్పు. పాత ఖాతాదారుల బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి మాత్రం అదే వీడియో రేటుతో వేరే కాపీ చేయించు.

ఇక సరుకు పంపే టైము. నువ్వు "రెండు రోజుల్లో మీ షాపులో" అని రాశావు. ఆ మాట ఇవ్వడానికి మనమెవరం? పార్సిల్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో దించాక లారీ ఎప్పుడు నిండుతుందో, ఏ ఊళ్ళో ఎన్నాళ్ళు ఆగుతుందో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది బుకింగ్ వరకే. అది మాత్రం గంటతో సహా చెప్పాలి. ఇందుకోసం ఒక మధ్యాహ్నం పూట గోడౌన్‌లో కూర్చో. ఆర్డరు వచ్చాక సెట్లు తీస్తారు, పీసులు లెక్క పెడతారు, డ్యామేజీ చూస్తారు, బిల్లు కొడతారు, గోనె చుట్టి కుడతారు, ఊరు పేరు మార్కు వేస్తారు, కుర్రాడు ఆటోలో ట్రాన్స్‌పోర్టుకి తీసుకెళ్తాడు. అక్కడ బుకింగ్ ఎన్నింటికి ఆపేస్తారో కనుక్కుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టు. ఆర్డరు ఏ గంటలోపు వస్తే అదే రోజు వెళ్తుందో తేలుతుంది. ఆ లెక్క ఆర్డరు పెట్టినప్పటి నుంచా, డబ్బు అందినప్పటి నుంచా అన్నది షావుకారు గారిచేత నోటితో చెప్పించుకో. తగువులన్నీ అక్కడే వస్తాయి. షాపువాడు సోమవారం మెసేజ్ పెట్టి బుధవారం డబ్బు వేస్తాడు, గురువారం "నాలుగు రోజులైంది" అంటాడు.

ఇవన్నీ పెట్టి నీ స్క్రిప్టు తిరగరాస్తే ఇలా ఉంటుంది. గంటలు, సెట్లు మీ షావుకారు గారివి వేసుకో.

మొదటి నాలుగు సెకన్లు, చేతులు కట్ట విప్పుతుంటాయి: "బట్టల షాపుల వాళ్ళకి. డైలీవేర్ జార్జెట్ చీరలు, కొత్త కేటలాగ్ వచ్చింది."

తర్వాత ఎనిమిది డిజైన్లు, రెండేసి సెకన్లు, తెర మీద నంబర్లు: "సెట్టుకి ఎనిమిది డిజైన్లు. ఎనిమిదీ ఇవే, చూడండి." ఆ పైన మాట వద్దు, చూడనీ.

ఒక చీర పూర్తిగా విప్పి పల్లు, అంచు, బ్లౌజ్ ముక్క, పక్కన టేపు: "బ్లౌజుతో కలిపి ఆరు మీటర్ల ముప్పై."

కలిపి పేర్చిన నాలుగు సెట్లు: "కనీసం నాలుగు సెట్లు. వేరే కేటలాగ్‌లూ కలుపుకోవచ్చు. సెట్టు విడదీయం."

పార్సిల్ కుడుతున్న చేతులు, ఆ తర్వాత ఎల్‌ఆర్, అంటే ట్రాన్స్‌పోర్టు రసీదు: "ఆర్డరు, డబ్బు మధ్యాహ్నం రెండు లోపు అందితే అదే సాయంత్రం బుకింగ్. ఆదివారం లేదు. ఎల్‌ఆర్ ఫోటో మీ వాట్సాప్‌కి వస్తుంది."

చివర ఫోన్ నంబరు, అయిదు సెకన్లు: "రేటు లిస్టు కోసం షాపు పేరు, జీఎస్టీ నంబరు పంపండి."

ఎల్‌ఆర్ ఫోటో చూపించేటప్పుడు అవతలి షాపు పేరు, ఫోన్ నంబరు చెరిపించు. ఫలానా ఊళ్ళో ఫలానావాడు ఏం తెప్పించుకుంటున్నాడో పక్క షాపువాడికి తెలియకూడదు.

బుకింగ్ టైము చెప్పే ముక్కని విడిగా తీయించి పెట్టు, మిగతా దానితో అతికించకు. దసరా, రజో పండగ, పెళ్ళిళ్ళ ముహూర్తాల ముందు గోడౌన్‌లో ప్యాకింగ్ వెనకబడుతుంది, అదే సాయంత్రం అన్నమాట నిలవదు. అప్పుడు ఆ పన్నెండు సెకన్లే మార్చి, "ఈ వారం బుకింగ్‌కి రెండు రోజులు" అని వేసి, పాతది తీసేయించు. ఫార్వర్డ్ అయిపోయిన వీడియో మాత్రం నీ చేతిలో ఉండదు, అందుకని తెర మూలన నెల పేరు చిన్నగా వేయించు.

స్క్రిప్టు పని చేసిందో లేదో ఎంతమంది చూశారన్న అంకెలో వెతక్కు. షావుకారు గారి ఫోన్ అడిగి తీసుకుని, ఏం అడుగుతున్నారో చదువు. "సింగిల్ పీసు ఉందా", "సీఓడీ ఉందా" అని వస్తుంటే వీడియో ఇళ్ళకి చేరింది, షాపులకి చేరలేదు. మొదటి నాలుగు సెకన్లు మార్చాలి. "మినిమం ఎంత" అని షాపువాళ్ళే అడుగుతుంటే ఆ అంకె తెర మీద చాలినంతసేపు లేదు. నంబరున్న స్క్రీన్‌షాట్ పెట్టి "స్టాకుందా" అంటే ముట్టుకోకు, అలాగే వదిలెయ్యి.

ఇంకొకటి. షావుకారు గారు కెమెరా ముందు నిలబడి మాట్లాడతానంటున్నారని రాశావు. మెల్లిగా తప్పించు. రాయగడ, జయపురం వైపు షాపుల్లో తెలుగువాళ్ళున్నట్టే ఒడియావాళ్ళూ ఉన్నారు, భంజనగర్ వైపు దాదాపు అంతా ఒడియానే. చేతులూ గుడ్డా మాత్రమే కనబడితే అదే షూటింగ్ మీద రెండో గొంతు వేసుకోవచ్చు. అంకెలు 1, 2, 3 అని ఉంటే తెర మీద అక్షరాలు కూడా పెద్దగా మార్చక్కర్లేదు. ఒడియా గొంతుకి మీ కొట్టులో బిల్లులు రాసే కుర్రాడినే అడుగు. సెట్టు, పార్సిల్, బుకింగ్ అన్న మాటలు రోజూ ఫోన్‌లో పలికేవాడు అతనే.

మళ్ళీ రాసి పంపు. ఈసారి స్క్రిప్టుతో పాటు ట్రాన్స్‌పోర్టు వాళ్ళు బుకింగ్ ఎన్నింటికి ఆపుతారో కూడా రాయి.

నీ అన్న