లోపల మన పేరు ఎత్తేదెవరు?

"మడికొండ ఐటీ పార్కుల పనిచేస్తున్న. మా మెంటర్ అన్న అన్నీ మంచిగ నేర్పుతడు, కానీ ప్రమోషన్ లిస్టుల నా పేరు రాదు. నీకు కావాల్సింది మెంటర్ కాదు, స్పాన్సర్ అంటున్నరు. తేడా ఏంది? ఎట్ల దొరుకుతడు?"

మెంటర్ ఇచ్చిన సలహా పనిచెయ్యకపోయినా ఆయనకు పోయేదేం లేదు తమ్మీ. స్పాన్సర్ మీ పేరు పెట్టి కొట్లాడినంక మీరు ఆ పని చెయ్యలేకపోతే, రేపటి నుంచి ఆయన మాటకే విలువ తగ్గుతది. అందుకే సలహా ఎవరైనా ఇస్తరు, పేరు పెట్టేటోళ్లు తక్కువ.

పేర్లు తేలేది కాలిబ్రేషన్ మీటింగుల, అంటే మేనేజర్లంతా కూర్చొని ఎవరికి ఏ రేటింగు, ఎవరికి ప్రమోషన్ అని తేల్చుకునే కాడ. మా కంపెనీల అది హైదరాబాద్‌ల జరుగుతది. మేనేజర్ అయినంక నేనూ కూర్చుంటున్న. సీట్ల కంటే పేర్లు ఎక్కువ, ఒక్కో పేరుకు కొన్ని నిమిషాలే.

మా వరంగల్ టీమ్‌ల ఒక చెల్లె ఉండె. మొదటిసారి ఆమె పేరు వచ్చినప్పుడు వాళ్ల మేనేజర్ "చాలా సిన్సియర్, కష్టపడుతది" అన్నడు. "క్లయింట్‌తోని మాట్లాడగలదా?" అని ఇంకో మేనేజర్ అడిగిండు. ఈయన దగ్గర జవాబు లేదు. అంతే, తర్వాతి పేరుకు పోయిన్రు. ఆమెకు మెంటర్ లేకనా? ఉన్నడు, కానీ ఆయనకు ఆ మీటింగుల కుర్చీ లేదు.

మరుసటి ఏడు అదే ప్రశ్న వచ్చింది. ఈసారి డెలివరీ హెడ్ అందుకున్నడు: "రాత్రి బ్యాచ్ జాబ్ పడిపోయిన రోజు బ్రిడ్జ్ కాల్ నడిపింది ఆమెనే. నేను కాల్‌ల ఉన్న. క్లయింట్ మళ్ల నన్ను అడగలే, ఆమెనే అడిగిన్రు." ఇంకెవరూ మాట్లాడలే. పొగడ్తకు అడ్డం చెప్పొచ్చు, కండ్లార చూసినదానికి చెప్పుడు కష్టం.

ఆయన ఆ కాల్‌ల ఉండుడు ఊరికె కాలే. ఆయనకు తలనొప్పిగా ఉన్న రిలీజ్ పనిని ఆమె అడిగి తీసుకుంది. వారం వారం మూడు లైన్ల మెయిల్ పెట్టేది, ఆలస్యమయ్యేదుంటే అదే ముందు రాసేది. సీసీల సొంత మేనేజర్‌ను పెట్టేది; ఆయన్ను దాటి పోయినట్టు అనిపిస్తే ఆ మీటింగులనే అడ్డం పడేటోడు.

ముందుగాల, ఆ మీటింగుల ఎవరు కూర్చుంటరో మీ మెంటర్‌ను అడుగుండ్రి. వాళ్లల్ల ఒకరి పని మీ చేతిమీద నడిచేటట్టు చూసుకోండ్రి. ఒకట్రెండు రిలీజులు మంచిగ పోయినంక, రేటింగులు మొదలుగాకముందే సూటిగ అడుగుండ్రి: "సార్, ఈసారి లీడ్‌కు నా పేరు పెడ్తరా? పెడితే ఎవరు ఏమని అడ్డం చెప్తరు?" "చూద్దాం, మంచిగ చెయ్" అంటే ఆయన ఇంకా మెంటరే. ఫలానా ఆయన ఫలానాది అంటడని చెప్పి, దాన్ని తీర్చే పని మీకు అప్పజెప్తే మీ తరఫున మాట్లాడుతడన్నట్టే.

ఆయన వేరే అకౌంట్‌కు మారితే మాత్రం కథ మళ్ల మొదటికొస్తది, అందుకే ఇంకొకరికి కూడ మీ పని కనబడనియ్యుండ్రి.