జర్మనీలో మాస్టర్స్: స్టుట్‌గార్టా, సీగెనా?

ప్రశ్న: మెకట్రానిక్స్ మాస్టర్స్‌కు స్టుట్‌గార్ట్‌లోనూ సీగెన్‌లోనూ సీటు వచ్చింది. నాన్న బ్యాంకు లోను తీసుకుంటున్నారు. అద్దె, పార్ట్‌టైం పని, మన పిల్లల తోడు, రోజూ తిరగడానికి అయ్యే ఖర్చు చూసుకుంటే ఎక్కడ చేరడం మంచిది?

జవాబు: నేను 2024 అక్టోబరులో సీగెన్‌లో చేరాను. మా ఊరి నుంచే వచ్చిన స్నేహితుడు స్టుట్‌గార్ట్‌లో చేరాడు. ఇద్దరం నెలాఖరున ఫోనులో లెక్కలు చెప్పుకునేవాళ్లం కాబట్టి రెండు వైపులా తెలిసే రాస్తున్నాను.

నాకు విద్యార్థి వసతిగృహంలో గది దొరికింది. హీటింగు, నీళ్లు, ఇంటర్నెట్ కలిపి నెలకు 310 యూరోలు. అతను ఇల్లు పంచుకుని ఒక గదికి 560 కట్టేవాడు. ప్రకటనల్లో 'కాల్ట్' అని ఉంటే అది ఉత్త అద్దె, 'వార్మ్' అంటే హీటింగు వగైరా కలిపినది. కాల్ట్ చూసి చవక అని సంబరపడిన వాళ్లను చాలామందిని చూశాను. అద్దెతో పోదు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు కట్టాలి. అంటే నెలకు 250. అద్దె తేడా మరో 250. ప్రతి నెలా 500 యూరోలు అక్కడ ఎక్కువ. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. ఆ తేడా పూడ్చడానికే అతను నెలలో దాదాపు 39 గంటలు పనిచేయాలి. సెమిస్టరు రోజుల్లో మామూలు పరిమితి వారానికి 20 గంటలు కాబట్టి, సగం నెల కష్టం అందులోకే పోతుంది.

ఇంతవరకు సీగెన్‌దే పైచేయి. చిక్కు పని దగ్గర వస్తుంది. సీగెన్ చుట్టుపక్కల లోహపు పరిశ్రమ, యంత్రాల తయారీ బాగానే ఉన్నాయి, కానీ అవి జర్మన్‌లోనే మాట్లాడుకునే కంపెనీలు. నా జర్మన్ అప్పటికి కూరగాయల కొట్టు వరకే. ఎనిమిది నెలలు దరఖాస్తులు పెట్టి, చివరికి కొలోన్ నగరంలో పనికి చేరాను. స్నేహితుడికి స్టుట్‌గార్ట్‌లో మూడో నెలకే కార్ల విడిభాగాల కంపెనీలో, ఇంగ్లీషులో నడిచే బృందంలో పని దొరికింది.

నన్ను కొలోన్ దాకా తీసుకెళ్లింది సెమిస్టరు టికెట్టే. సెమిస్టరు రుసుములోనే కలిసి వచ్చే ఆ టికెట్టుకు మొదటి సెమిస్టరులో నెలకు 29.40 యూరోలు పడింది. ఊళ్లో బస్సులే కాదు, దేశమంతటా ప్రాంతీయ రైళ్లన్నీ ఎక్కవచ్చు. వేగంగా వెళ్లే ICE రైళ్లకు మాత్రం చెల్లదు. కొలోన్‌కు RE 9 రైలులో దాదాపు గంటన్నర. వారానికి రెండు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పని, రానూ పోనూ మూడు గంటలు రైలు. పట్టాల మరమ్మతులున్న వారం అది అయిదు గంటలయ్యేది. వారానికి రెండు రోజులకు మించి దాన్ని భరించలేమని నా అనుభవం. మీ తరగతుల పట్టికలో రెండు రోజులు పూర్తిగా ఖాళీ దొరక్కపోతే ఈ ఉపాయం పనిచేయదు.

మనవాళ్ల సంగతి. పండగలూ పులిహోరా రెండు చోట్లా ఉంటాయి. తోడు నిజంగా అక్కరకు వచ్చేది మొదటి రెండు నెలల్లో. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు యజమాని సంతకం చేసిన నివాస ధ్రువపత్రం కావాలి. వసతిగృహం దొరకక ముందు నేను దిగిన గది యజమాని ఆ కాగితం ఇవ్వనన్నాడు. నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, వీసా పొడిగింపు కదలదు. సీగెన్‌లో ఓ తెలుగు సీనియరు చదువు ముగించి వెళ్తూ, తన వసతిగృహం గదికి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో ముందే చెప్పడం వల్ల గట్టెక్కాను. చిన్న ఊళ్లో ఎవరు ఎప్పుడు గది ఖాళీ చేస్తున్నారో అందరికీ తెలుస్తుంది. స్టుట్‌గార్ట్‌లో మనవాళ్లు ఎక్కువే, కానీ ఒక్కో గదికి ఎదురుచూసేవాళ్లూ ఎక్కువే.

లోను మీద వస్తున్నారు కాబట్టి నేనైతే సీగెనే అంటాను, బయలుదేరేలోపు జర్మన్ బి1 స్థాయికి చేరుకోగలిగితేనే. అది కుదరదనిపిస్తే, ఉద్యోగాల సైటులో `Werkstudent` అని, అంటే చదువుతూ చేసే పార్ట్‌టైం ఉద్యోగం అని కొట్టి, రెండు ఊళ్లకూ 50 కిలోమీటర్ల పరిధి పెట్టి, మీ సబ్జెక్టు ప్రకటనల్లో జర్మన్ తప్పనిసరి అనని వాటిని ఒక నెలపాటు లెక్కపెట్టండి. సీగెన్ వైపు ఒక చేతి వేళ్లకు మించకపోతే, ఆ 500 యూరోలు పెట్టి స్టుట్‌గార్ట్‌కే వెళ్లండి.