రెండో గడి సంగతి

చిట్టీ,

అమ్మానాన్నల జాయింట్ ఖాతా పని నువ్వే నెత్తినేసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. భలే పిల్ల అనుకున్నాను, ఆ వెంటనే గుండెలో దడ మొదలైంది. నువ్వు పంపిన ఫారం ఫొటో నా ఫోనులో ఉండేది. కోఠిలో బాగుకిస్తే ఆ అబ్బాయి మొత్తం తుడిచి చేతిలో పెట్టాడు. నీ దగ్గరా పోయిందంటున్నావు. ఫారమేమో నల్లకుంటలో మీ నాన్న దగ్గర, నువ్వు గచ్చిబౌలిలో. "పెద్దమ్మా, నీకు తెలియందా, ఎన్నో గడిలో టిక్కు పెట్టాలో చెప్పెయ్" అన్నావు. ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్నే, అయినా చెప్పను.

ఒకసారి చెప్పాను కాబట్టే. మా చిన్నాడపడుచు వేరే బ్యాంకులో ఖాతా తెరుస్తూ ఫోన్ చేసింది. అప్పుడే క్యారేజీ విప్పాను, పప్పన్నం చల్లారిపోతోంది. "వదినా, మోడ్ ఆఫ్ ఆపరేషన్ అని ఉంది, దేనికి టిక్కు పెట్టను?" అంది. "రెండోదానికి పెట్టు" అనేశాను. మా బ్యాంకు ఫారంలో రెండోది ఐదర్ ఆర్ సర్వైవర్. ఇద్దరిలో ఎవరైనా ఒక్క సంతకంతో డబ్బు తీసుకోవచ్చు, ఒకరు పోతే బ్యాంకు రెండోవారికి ఇస్తుంది. వాళ్ల ఫారంలో రెండోది ఫార్మర్ ఆర్ సర్వైవర్. అంటే మొదటి పేరువారు బతికున్నన్నాళ్లూ వారొక్కరే తీయగలరు. మొదటి పేరు ఆవిడ భర్త, మా అన్నయ్యగారిది.

రెండేళ్ల తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది. రిటైర్మెంటు డబ్బంతా ఆ ఖాతాలోనే. ఈవిడ విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెట్టి ఇస్తే, కౌంటర్లో అమ్మాయి "సార్ సంతకం కావాలండీ" అని వెనక్కిచ్చింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, నేనున్నా అదే చేసేదాన్ని. చివరికి మేనేజరు ఒక ఆఫీసర్ని ఆస్పత్రికి పంపితే, ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు బ్యాంకు మనిషే, ఆయన వేలిముద్ర వేయించుకున్నారు. అప్పటికి మూడు రోజులు గడిచాయి. ఆ మూడు రోజులూ నా గాజులు మార్వాడీ కొట్లో ఉన్నాయి. మా ఆడపడుచు నన్ను పల్లెత్తు మాట అనలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

అందుకని "ఎన్నోది" అని అడగొద్దు. మీ నాన్నకి ఫోన్ చేసి ఫారం పట్టుకుని కూర్చోమను. ముందు పైన ఏ బ్యాంకు, సేవింగ్సా, ఫిక్స్‌డ్ డిపాజిట్టా అన్నది చదవమను. తర్వాత మోడ్ ఆఫ్ ఆపరేషన్ అన్న మాట వెతికి, దాని కిందున్నవన్నీ వరసగా చదవమను. నువ్వు కాగితం మీద అదే వరసలో రాసుకో. కళ్లజోడు వెతుక్కోవడానికి బద్ధకించి "అదేలే, ఆర్ సర్వైవర్ అని ఉంది" అంటాడు. ఒప్పుకోకు. రెండింటికీ తోక అదే, తల ఒక్కటే తేడా. కొన్ని ఫారాల్లో పొడి అక్షరాలే ఉంటాయి, E or S, F or S అని. మొదటి అక్షరం రెండుసార్లు చెప్పించుకో. ఫార్మర్ అని వినపడగానే రైతుల పథకమనుకుని మురిసిపోయే మనిషి మీ నాన్న!

వాళ్లిద్దరికీ కావాల్సింది ఐదర్ ఆర్ సర్వైవర్. జాయింట్లీ వద్దు, ప్రతిసారీ రెండు సంతకాలు కావాలంటారు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా వేస్తున్నారంటే మరో వాక్యం వెతికించు. సాధారణంగా కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇద్దరిలో ఒకరు పోతే, గడువు తీరకముందే డిపాజిట్‌ను రద్దు చేసి తీసుకునే అధికారం రెండోవారికి ఇస్తున్నామని అందులో రాసుంటుంది. ఐదర్ ఆర్ సర్వైవర్ అని పెట్టినా ఈ అనుమతి లేకపోతే, మధ్యలో తీయాలంటే పోయినవారి వారసుల ఒప్పుకోలు అడుగుతారు. ఫారంలో ఆ వాక్యం లేకపోతే విడిగా రాసి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించి ఇవ్వు.

నామినీ గడిలో నీ పేరు రాయనిస్తావో, తమ్ముడి పేరు కూడానో మీరే తేల్చుకోండి. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా రాసుకోవచ్చు. వాటాలుగా రాస్తే అన్నీ కలిపి నూరు శాతం రావాలి. అమ్మానాన్నలిద్దరూ లేనప్పుడే నామినీ మాట వస్తుంది. ఆ గడి రాస్తూ మీ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, పట్టించుకోకు. లేదు, కాసేపు పట్టించుకో.

పాస్‌బుక్ రాగానే మొదటి పేజీలో ఐదర్ ఆర్ సర్వైవర్ అన్న మాట అచ్చయిందేమో చూడు. లేకపోతే కౌంటర్లో అడుగు. తప్పు పడితే ఇద్దరూ సంతకం చేసిన అర్జీ ఇచ్చి మార్పించుకోవచ్చు, ఇద్దరూ సంతకం పెట్టగలిగినప్పుడే సుమా.

ఆదివారం పదకొండు లోపు ఫోన్ చెయ్యి. నీ కాగితం మీద రాసుకున్నది నాకు చదివి వినిపించు. ఈసారి క్యారేజీ ముందు పెట్టుకుని కూర్చోనులే.

మీ పెద్దమ్మ