ముప్పై మందికి పైగా ఉన్న కుటుంబ ఫోటో: కళ్ళు, వరసలు

ప్రశ్న: సిరిమానోత్సవానికి మా ఇంట్లో ముప్పై మందికి పైనే కలుస్తాం. ఫోనుతో ఫోటో తీస్తే ఎవరో ఒకరు కళ్ళు మూసేస్తారు, వెనకవాళ్ళు కనబడరు. ఎలా తీయాలి?

జవాబు: మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. మా తాతయ్యతో అందరం దిగిన ఆఖరి ఫోటోలో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే తర్వాతి పండక్కి ముందుగానే ఆలోచించి పెట్టుకున్నాను.

ఆ ఫోటో పాడవడానికి మొదటి కారణం ఎండ. మాది తూర్పు ముఖం ఇల్లు. పొద్దున్న తొమ్మిదింటికి అందరినీ అరుగు ముందు నిలబెడితే సూర్యుడు నేరుగా కళ్ళలో పడ్డాడు. ఈసారి సాయంత్రం నాలుగున్నరకి పెట్టుకున్నాం. అప్పటికి ఇంటి నీడ వాకిలంతా పరుచుకుంటుంది, వెలుతురూ సరిపోతుంది.

మేం ముప్పై నాలుగు మందిమి. పెద్దవాళ్ళకి తొమ్మిది కుర్చీలు వేసి, వాటి ముందు చాప మీద ఎనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టాం. కుర్చీల వెనక ఎనిమిది మంది నిలబడ్డారు, వాళ్ళ వెనక అరుగు మీద తొమ్మిది మంది. ఎవరి తలా ముందువాళ్ళ తల వెనక రాకుండా, రెండు తలల మధ్య సందులోకి రావాలి. పొడుగ్గా ఉన్న మా చిన్న మావయ్యని అరుగు మీదికి పంపి, పొట్టిగా ఉండే పిన్నిని కిందికి దించాం. "ఫోను మీ రెండు కళ్ళకీ కనబడుతోందా? ఒక్క కంటికే కనబడితే కొంచెం పక్కకి జరగండి" అని అందరినీ అడిగాను. దాక్కుపోయినవాళ్ళు అక్కడే తేలిపోతారు.

తీసే అబ్బాయిని స్టూలు ఎక్కించాం. పైనుంచి తీస్తే వెనక వరస బాగా కనబడుతుంది. దగ్గర నుంచి 0.5 జూమ్‌లో తీయొద్దు, చివరివాళ్ళ మొహాలు సాగిపోతాయి. వెనక్కి జరిగి 1x లోనే తీయండి.

ఇక రెప్పల సంగతి. ఫోటోకి నిలబడ్డ మనిషి నిమిషానికి పదిసార్లు రెప్ప వేస్తాడని, ఒక్కో రెప్పకి పావు సెకను పడుతుందని ఆస్ట్రేలియాకి చెందిన శాస్త్రవేత్త పియర్స్ బార్న్స్ లెక్క వేశాడు. 2006లో ఆ లెక్కకి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇరవై మంది లోపయితే మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని మూడుతో, తక్కువ వెలుతురులో రెండుతో భాగించి అన్ని ఫోటోలు తీయమన్నాడు. మాలాగా ముప్పై నాలుగు మందయితే, అదే అంచనాతో చూసినా నాలుగైదు ఫోటోలకి ఒకటి మాత్రమే బాగా వచ్చే అవకాశం ఉంది. అందుకని మేం ఇరవై తీశాం. వరసగా టకటకా నొక్కొద్దు, ఒకే రెప్పపాటు ఒకటికి మించిన ఫోటోల్లో పడొచ్చు. ఒక్కోదానికి మధ్య రెండు సెకన్లు ఆగాలి. ముందు అందరినీ కళ్ళు మూసుకోమని, "మూడు" అనగానే తెరవమని చెప్పి, తెరిచిన క్షణం దాటాక నొక్కాం.

ఎవరినీ లేవనివ్వకుండా అక్కడే ఫోటోల్ని పెద్దవి చేసి వరసవరసగా చూశాం. ఇరవైలో మూడు బాగా వచ్చాయి. వాటిలో మా నాయనమ్మ పూర్తిగా కళ్ళు తెరిచి నవ్వినదాన్ని అచ్చు వేయించి గోడకి పెట్టాం.